పదకొండో వచనానికి ముందు

మా క్రైస్తవుల ఇళ్లల్లో దీర్ఘరోగి మంచం దగ్గర మందుల డబ్బా ఎంత ఖాయమో, ఎదురుగోడ మీద ఒక వచనమూ అంతే ఖాయం. దాన్ని ఎవరు ఎంచారో, ఏ అధ్యాయం మధ్యలోంచి తీశారో ఎవరూ అడగరు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి తీసుకున్న వాగ్దానం కార్డు కావచ్చు. సంఘంవాళ్లు పంచిన క్యాలెండరు కావచ్చు. దుబాయిలో ఉన్న మేనత్త గులాబీల బొమ్మ మీద రాసి వాట్సాప్‌లో పంపింది కావచ్చు. ఒంట్లో బాగున్నవాళ్లకి ఏ వచనమైనా సరిపోతుంది. చదువుతారు, ఆమేన్ అంటారు, పనిలో పడతారు. రోజంతా ఆ గోడనే చూస్తూ పడుకున్న మనిషి మాత్రం దాన్ని ప్రామిసరీ నోటు చదివినట్టు చదువుతుంది. ఇందులో నాకు రావలసింది ఎంత? గడువు ఎప్పుడు?

మా అమ్మకి రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. చాలా ఏళ్ల షుగరు, దానికి తోడు బీపీ. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు డయాలసిస్. కిడ్నీ మార్పిడికి ఆమె గుండె తట్టుకోదని డాక్టర్లు ముందే చెప్పేశారు. “ఇది తగ్గే జబ్బు కాదమ్మా, నడుపుకుంటూ పోయే జబ్బు” అన్నారు. నడుపుకోవడం అంటే ఏమిటో ఇంటికొచ్చాకే తెలిసింది. నీళ్లు కొలిచి తాగాలి. కొబ్బరినీళ్లు, అరటిపండు, ఊరగాయ మానాలి. ఎడమచేతికి ఫిస్టులా చేశారు గనక ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, సూది గుచ్చనివ్వకూడదు, బిగుతు గాజులు వేసుకోకూడదు, బరువు ఎత్తకూడదు. రోజూ పొద్దున్నే ఆ చోట వేళ్లు పెట్టి చూసుకోవాలి. లోపల జివ్వుమని అదురుతుంటే రక్తం బాగా పారుతున్నట్టు. అదురు లేకపోతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇలాంటి మనిషికి ఏ వచనం ఇవ్వాలి? ఇంట్లో బైబిలు చదివిపెట్టే పని నాది కాబట్టి ఆ ప్రశ్న నా మీద పడింది.

మొదట వచ్చినవన్నీ స్వస్థత వచనాలే. యెషయా 53లో గాయాల మాట, నిర్గమకాండం 15లో ఐగుప్తు రోగాల మాట, 103వ కీర్తనలో రోగాలన్నీ కుదిర్చే మాట. చూడటానికొచ్చిన ప్రతివాళ్లూ వీటిలో ఒకటి చెప్పి వెళ్లారు. ప్రేమతోనే చెప్పారు. ఆ మాటలు లేఖనంలో లేవనీ కాదు. చిక్కల్లా వాటిని ఇచ్చే తీరుతోనే వచ్చింది. “నమ్మక్కా, వచ్చే ఈస్టరుకి నువ్వు మిషను మీద ఉండవు” అని ఒకావిడ గడువు కూడా రాసిపెట్టి వెళ్లింది. ఈస్టరు వచ్చింది. ఆ వారం కూడా అమ్మ మంగళ, గురు, శనివారాలు మిషను మీదే ఉంది. నోటుకి గడువు దాటితే మామూలుగా రాసిచ్చినవాణ్ణి నిలదీస్తారు. మా వాళ్లల్లో మాత్రం నోటు పట్టుకున్నవాళ్లనే నిలదీస్తారు. విశ్వాసం చాల్లేదేమో, ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో అని. యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ అదే. ఇతను పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులా? యేసు రెండూ కాదన్నాడు. ఆ జవాబు గోడకి కట్టుకున్న ఇల్లు నేనింకా చూడలేదు.

గడువున్న వచనం మనసునే కాదు, ఒంటినీ దెబ్బతీయగలదు. అమ్మ పక్క మంచంలో డయాలసిస్ చేయించుకునే ఒకాయన స్వస్థత కూటానికి వెళ్లొచ్చాడు. ఒళ్లు తేలికైందన్నాడు, వరసగా రెండుసార్లు డయాలసిస్‌కి రాలేదు. మూడోనాటి రాత్రి ఆయన్ని కూర్చోబెట్టి తీసుకొచ్చారు. పడుకుంటే ఊపిరాడటం లేదు. పాదాలు నొక్కితే వేలి గుంట అలాగే ఉండిపోతోంది. బయటికి పోవలసిన నీరు ఊపిరితిత్తుల్లో చేరింది. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, ఆ భయం ఒకటి. ఆక్సిజన్ పెట్టి, అప్పటికప్పుడు డయాలసిస్ చేసి బతికించారు. ఆ తర్వాత చాలాకాలం ఆయన అమ్మ వంక చూడలేదు. చావు తప్పినందుకు సంతోషించాల్సిన మనిషి సిగ్గుపడుతున్నాడు.

ఇక్కడ ఇంకో చిన్న సంగతి తెలిసి ఉండాలి. కిడ్నీ రోగుల సాక్ష్యాలలో “క్రియాటినిన్ ఎనిమిది ఉండేది, ప్రార్థన చేశాక మూడుకి వచ్చింది” అనే మాట వినిపిస్తుంటుంది. డయాలసిస్ అయిన వెంటనే రక్తం తీస్తే ఆ అంకె అలా పడిపోవడం మామూలే. మిషను కడిగిన రక్తం అది. రెండు రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. అలాంటి సాక్ష్యం విన్నప్పుడు రక్తం డయాలసిస్‌కి ముందు తీశారా, తర్వాతా అని అడిగితే చాలు. అడగడం అవిశ్వాసం కాదు. మన ఇంట్లో మనిషి ఆ అంకె విని తన అంకెతో పోల్చుకుని కుమిలిపోతుంది గనక అడగాలి.

అందుకని వచనం ఎంచేటప్పుడు నేను ఒక్క ప్రశ్న పెట్టుకున్నాను. వచ్చే నెల రిపోర్టు ఇలాగే ఉంటే, ఈ మాట అమ్మ ముఖం చూస్తూ మళ్లీ చదవగలనా? చదవగలననిపిస్తే గోడకి. లేకపోతే అది నా ప్రార్థనలో ఉంటుంది, ఆమె గోడ మీద కాదు.

ఈ ప్రశ్న మొదట తగిలింది యిర్మీయా 29:11కి. మీ గురించి నేను అనుకుంటున్నవి మేలుకే గాని కీడుకు కాదు, మీకు ముందు ఒక రోజు ఉంది అని దేవుడు చెప్పే మాట అది. ఆ ఏడు అమ్మ కార్డులో వచ్చింది అదే. బహుశా మన వాగ్దానం కార్డుల్లో అంతగా తిరిగే వచనం ఇంకోటి లేదు. తీసేద్దామనుకుని ముందు ఆ అధ్యాయమంతా చదివాను. ఆ తర్వాత 28వ అధ్యాయం కూడా.

అదొక ఉత్తరం. క్రీస్తుపూర్వం 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునీ, పెద్దలనీ, కంసాలివాళ్లనీ బబులోనుకి చెరపట్టుకుపోయాడు. అక్కడ ఉన్నవాళ్లకి యెరూషలేము నుంచి యిర్మీయా రాసి పంపిన ఉత్తరం అది. అందులో దేవుడు పదకొండో వచనంలో మేలు సంగతి చెప్పేముందు, పదో వచనంలో ఒక లెక్క చెబుతాడు. డెబ్బై ఏళ్లు. ఆ ఉత్తరం చదివించుకున్నవాళ్లల్లో నలభై ఏళ్లవాడు తిరిగి ఇల్లు చూడడు. ముప్ఫై ఏళ్లవాడూ చూడడు. మనం పుట్టినరోజు కేకుల మీద రాయించుకుంటున్న ఆ మాట, మొదట విన్నవాళ్లల్లో చాలామంది బబులోనులోనే చనిపోతారని తెలిసి చెప్పిన మాట.

మరి వాళ్లకి ఇందులో దక్కిందేమిటి? ఐదో వచనం నుంచి చూడాలి. ఇళ్లు కట్టుకుని కాపురముండండి. తోటలు నాటి కాయలు తినండి. పిల్లలకి పెళ్లిళ్లు చేయండి. మీరున్న ఊరు బాగుండాలని ప్రార్థించండి, అది బాగుంటేనే మీరూ బాగుంటారు. అంటే, మీరు వెళ్లాలనుకుంటున్న చోటు కోసం కాచుక్కూచోవద్దు, ఉన్నచోట బతకండి అని. నిమ్మమొక్క ఈ రోజు నాటితే కాయడానికి కొన్నేళ్లు పడుతుంది. నాటండి, తినండి అన్నాడంటే ఆ కొన్నేళ్లూ మీకు ఉన్నాయనే కదా.

దీనికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త వస్తాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని గుడిలో, యాజకుల ముందు, జనం ముందు ప్రకటిస్తాడు. జనానికి ఎవరి మాట తీపిగా ఉంటుందో వేరే చెప్పాలా? యిర్మీయా ఏమన్నాడన్నది నన్ను ఆపేసింది. ఆయన మొదట ఆమేన్ అన్నాడు. దేవుడు అలాగే చేయుగాక అన్నాడు. ఆ కోరిక ఆయనకీ ఉంది. ఆ తర్వాతే, క్షేమం వస్తుందని చెప్పే ప్రవక్త సంగతి అది జరిగినప్పుడు తేలుతుంది అన్నాడు. హనన్యా ఒప్పుకోలేదు. బబులోను ఏలుబడికి గుర్తుగా యిర్మీయా తన మెడమీద వేసుకున్న కాడిని అతను లాగి విరగ్గొట్టాడు. అప్పుడు యిర్మీయా వాదన పెంచుకోలేదు, తన దారిన తను వెళ్లిపోయాడు.

రోగి ఇంట్లో ఉండేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే నడత నాకు దొరకలేదు. స్వస్థత కలగాలని ఎవరైనా ప్రార్థిస్తే నోరారా ఆమేన్ అంటాను. మాకు మాత్రం వద్దా! గడువు చెబితే మాత్రం దాన్ని అమ్మ చెవిదాకా పోనివ్వను. వచ్చినవాళ్లతో మంచం దగ్గర వాదన పెట్టుకోను. టీ ఇచ్చి వరండాలోకి తీసుకెళతాను.

కార్డు తీసేయలేదు. దాని పక్కన ఐదు, ఆరు, ఏడు వచనాలు పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, “అయితే మనకి ఇప్పుడు తోట పని పడిందన్నమాట” అంది. ఆ మాటతో మా ఇంట్లో ఆశ అన్నదాని కొలత మారింది. అంతకుముందు ఆశంటే ఒక్కటే, కిడ్నీ బాగుపడటం. ఇప్పుడు చేతికందేవి చాలా వచ్చాయి. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు రెండు కిలోలకు మించి పెరగకుండా చూసుకోవడం. ఈసారి పిక్కలు పట్టెయ్యకుండా నాలుగు గంటలూ గడవడం. మనవడి నిశ్చితార్థం ఆదివారం పెట్టుకోవడం, ఎందుకంటే శనివారం మిషను మీద నుంచి వచ్చి ఆ రాత్రి నిద్రపోతే ఆదివారం ఆమెకి వారంలో మంచిరోజు. జాకెట్టు కుట్టడానికిచ్చినప్పుడు ఎడమచెయ్యి వదులుగా కుట్టమంది. ఆరు నెలల తర్వాతి పెళ్లికి చీర ఇప్పుడే కొనిపించుకుంది.

వచనం ఎంచడంలో సమయం కూడా చూడాలి. మిషను మీద ఉన్న మనిషికి ఒక చెయ్యే ఖాళీ. లావు బైబిలు పట్టుకోలేదు. సగంలో బీపీ పడిపోతే అక్షరాలు మసకబారతాయి. అందుకని అక్కడికి చిన్నవి, నోటికొచ్చినవి పనికొస్తాయి. 121వ కీర్తన ఎనిమిదే వచనాలు. అమ్మ చిన్నప్పుడు సండేస్కూల్లో పాత తెలుగులో బట్టీపట్టింది, కళ్లు మూసుకుని చెప్పుకుంటుంది. అందులో ఉన్నది కాపాడేవాడు కునకడు అన్న సంగతి. జబ్బు పోతుందని లేదు. సూది గుచ్చేటప్పుడు రెండు, మిషను ఆపేటప్పుడు రెండు చెప్పుకుంటానంటుంది. ఇంటికొచ్చాక ఏదీ చదవను. ఆ సాయంత్రం ఆమెకి కావలసింది నిద్ర. అప్పుడు చదివితే అది నా తృప్తికి చదివినట్టే.

మిషను లేని రోజుల్లో పొద్దున యెషయా 46లో తల నెరిసేదాకా మోస్తానన్న మాట, లేకపోతే 71వ కీర్తన. ఇది ముసలితనంలో రాసుకున్న కీర్తన. బలం తగ్గినప్పుడు నన్ను వదిలెయ్యకు అని అడుగుతాడు. ఇవి రెండూ నా ప్రశ్నకి నిలుస్తాయి. మోసేవాడున్నాడంటే నడవలేని మనిషి ఉన్నట్టే కదా. నడక వస్తుందని అక్కడ ఎవరూ అనలేదు.

నేను ఎంచనివి కూడా కొన్ని వచ్చి చేరాయి. ఒకరోజు అమ్మ తనంతట తనే 88వ కీర్తన చదవమంది. కీర్తనల్లో ఇంత చీకటిది మరోటి లేదు. మిగతా మొరల్లో చాలావరకు ఎక్కడో ఒకచోట స్తుతివైపు తిరుగుతాయి. 13వ కీర్తన ఉంది. మొదటి రెండు వచనాల్లోనే ఎంతకాలం అని నాలుగుసార్లు అడిగి, ఆరో వచనానికల్లా పాటలోకి వస్తుంది. 88 అలా తిరగదు. స్నేహితులు దూరమయ్యారు, చీకటి మిగిలింది అన్న చోటే ఆగిపోతుంది. పిన్ని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. “జబ్బు మనిషికి అదా చదివేది? వేరేది చదువు” అంది. అమ్మ చెయ్యి ఊపి, “ఉండవే, ఇతను నా మాటలు మాట్లాడుతున్నాడు” అంది. చదవడం పూర్తయ్యాక రెండు గుక్కల నీళ్లడిగింది. కొలత గ్లాసులో ఇచ్చాను. తర్వాత గంటసేపు దాహం గురించీ, తన కడుపున పుట్టినవాళ్లకి భారమైపోయానన్న బెంగ గురించీ మాట్లాడింది. ఎప్పుడూ అననివి అన్నీ అంది. సంతోషం వచనాలు చదివిన రోజుల్లో ఆమె బాగానే ఉన్నానని చెప్పేది. మనం బాధపడకూడదని రోగులు ఆడే అబద్ధం అది. మొర ఉన్న కీర్తన ఆ అవసరం లేకుండా చేసింది. బయటికి వచ్చిన బెంగకి ఏదో ఒకటి చేయొచ్చు. మర్నాడే డాక్టరుతో దాహం సంగతి చెబితే, ముందు ఉప్పు ఇంకా తగ్గించమన్నారు. ఉప్పే దాహాన్ని పెంచుతుంది. రోటిపచ్చడి మీద మా ఇంట్లో పెద్ద గొడవ అయింది గానీ అదీ జరిగింది.

మరి మీరు స్వస్థతని నమ్మరా అని సంఘంలో ఒకరు సూటిగానే అడిగారు. నమ్ముతాను. పౌలు ఉత్తరాల్లో ఎలా ఉందో అలా నమ్ముతాను. ఎపఫ్రొదితు చావుదాకా వెళ్లి బాగుపడ్డాడని ఫిలిప్పీయులకు రాశాడు. త్రోఫిము రోగంతో ఉంటే మిలేతులో వదిలి వచ్చానని 2 తిమోతి చివర్లో రాశాడు. తిమోతికి కడుపు బాగుండదని, తరచూ జబ్బు చేస్తుందని ఇంకో ఉత్తరంలో ఉంది. తన ఒంట్లో ఉన్న ముల్లు తీసెయ్యమని మూడుసార్లు అడిగితే, కృప చాలు అన్న జవాబే వచ్చిందని కొరింథువాళ్లకి చెప్పుకున్నాడు. బాగైనవాడూ, బాగవనివాడూ ఒకే మనిషి ఉత్తరాల్లో ఉన్నారు. త్రోఫిముకి విశ్వాసం చాల్లేదని పౌలు ఎక్కడా అనలేదు. వదిలి వచ్చానని మాత్రం రాశాడు. రోగి ఉన్న ఇంట్లో ఎపఫ్రొదితు పేరొక్కటే వినిపించి త్రోఫిముని దాచేస్తే, అమ్మలాంటివాళ్లకి బైబిల్లో చోటు లేకుండా పోతుంది.

ఇప్పుడు వచనాలు ఎంచే పని చాలావరకు నా చేతుల్లోంచి జారిపోయింది. డయాలసిస్ సెంటరులో కొత్తగా చేరినవాళ్లు, చర్చికి పోయేవాళ్లయితే, ఏదైనా వాక్యం చెప్పమని అమ్మనే అడుగుతారు. ఆమె వెంటనే చెప్పదు. ముందు షుగరుందా, కిడ్నీ పోయి ఎన్నాళ్లయింది, మార్పిడి చేస్తామన్నారా లేదా, ఇంట్లో చూసేవాళ్లెవరు, రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అడుగుతుంది. మార్పిడికి ఎదురుచూసే కుర్రాడికి చెప్పేది వేరు, తనలాంటి వాళ్లకి చెప్పేది వేరు. మొన్న ఒకామె ఫోన్లో పువ్వుల బొమ్మ మీది యిర్మీయా 29:11 చూపించి, ఇది నాకు వచ్చిందండీ అంది. అమ్మ తనకొచ్చిన సంగతి చెప్పలేదు. “మంచిదేనమ్మా. ఐదో వచనం నుంచి మొదలుపెట్టి చదువుకుంటూ రా. ఇంతకీ నీ డ్రై వెయిట్ ఎంత పెట్టారు?” అంది.